తుపాకీ తన్నును గీయడం కాదు, లెక్కకట్టాలి

ఇద్దరు స్నేహితులు ఒకే షూటింగ్ ఆట ఆడుతున్నారనుకుందాం. ఒకరి దగ్గర సెకనుకు 144 ఫ్రేములు చూపించే కంప్యూటర్ ఉంది. రెండోవారిది సెకనుకు 30 ఫ్రేములు దాటని పాత ల్యాప్‌టాప్. ఇద్దరూ ఒకే తుపాకి పేల్చారు. మొదటివారి తెర మీద తుపాకి పైకి తన్ని, కాస్త ఊగి కుదురుకుంది. రెండోవారి తెర మీద అదే తుపాకి ఊగడం మొదలుపెట్టి, ఊగినకొద్దీ ఇంకా ఎక్కువగా ఊగి, అర సెకను గడవకముందే తెర దాటి మాయమైంది. రెండు యంత్రాల్లోనూ సమీకరణం ఒకటే, అందులోని అంకెలూ ఒకటే. ఆ సమీకరణాన్ని ఎంతెంత కాలానికి ఒకసారి లెక్కకట్టారన్నదే తేడా.

తుపాకీ వెనక్కి తన్నడాన్ని, పేలుడుకు కెమెరా కుదుపును యానిమేటర్ చేత ముందే గీయించి పెట్టుకోవడం ఆటల పరిశ్రమలో పాత అలవాటు. వాటిని డ్యాంపింగ్ ఉన్న స్ప్రింగుతో అప్పటికప్పుడు లెక్కకట్టడం రెండో దారి. ఈ రెండో దారే మెరుగైనది. అయితే దాన్ని సమర్థించేవారు సగం మాటే చెబుతుంటారు. స్ప్రింగును అజాగ్రత్తగా లెక్కకడితే, చేతి యానిమేషన్‌లో ఎన్నడూ లేని ఒక అన్యాయం ఆటలోకి వస్తుంది. ఖరీదైన తెర ఉన్నవారికి ఒక తుపాకి, చవక యంత్రం ఉన్నవారికి మరో తుపాకి అందుతాయి. ఆ మిగతా సగం మాట కూడా చెప్పుకోవాలి.

చేతితో గీస్తే వచ్చే చిక్కు

చేతి యానిమేషన్‌లో యానిమేటర్ కొన్ని కీలక భంగిమలను, వాటి సమయాలను నిర్ణయిస్తారు. తుపాకి మొదట మామూలు స్థితిలో ఉంటుంది. పేలిన 0.03 సెకన్లకు గొట్టం పైకి లేస్తుంది. 0.12 సెకన్లకు సగం దిగుతుంది. 0.3 సెకన్లకు మళ్లీ మొదటి చోటికి వస్తుంది. మధ్యలో ఉన్న ఫ్రేములను కంప్యూటర్ నింపుతుంది. అనుభవం ఉన్న చేయి గీస్తే ఒక్క తూటాకు ఇది ఎంతో అందంగా ఉంటుంది.

ఆటగాడు మీట వదలకుండా నొక్కి పట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది. సెకనుకు 10 తూటాలు పేల్చే తుపాకి అయితే రెండో తూటా 0.1 సెకనుకే వస్తుంది. అప్పటికి మొదటి యానిమేషన్‌లో మూడో వంతే పూర్తయింది. తుపాకి ఇంకా పైనే ఉంది. ఇప్పుడు యానిమేషన్‌ను మొదటి నుంచి మొదలుపెడితే, పైన ఉన్న తుపాకి ఒక్క ఫ్రేములో కిందికి దూకి మళ్లీ లేస్తుంది. కంటికి అది గతుకులా తగులుతుంది. దూకకుండా పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపేస్తే గతుకు పోతుంది కానీ, తన్నులో ఉండాల్సిన పదును కూడా దాంతోపాటే పోతుంది. మూడో ఉపాయంగా మొదటి తూటాకు ఒకటి, నడుమ తూటాలకు ఒకటి, చివరిదానికి ఒకటి వేరువేరుగా గీయవచ్చు. అప్పుడు నిలబడి కాల్చినప్పుడు, వంగి కాల్చినప్పుడు, నడుస్తూ కాల్చినప్పుడు అంటూ ఆ లెక్క హెచ్చుతూ పోతుంది.

ఈ ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే. ముందే గీసిన యానిమేషన్‌కు తాను మొదలై ఎంతసేపయిందో మాత్రమే తెలుసు. ఈ క్షణాన తుపాకి ఎక్కడ ఉందో, ఎటువైపు ఎంత వేగంతో కదులుతోందో దానికి తెలియదు. ఆటగాడి వేలు ఎప్పుడు నొక్కుతుందో యానిమేటర్‌కు ముందే తెలిసే వీలూ లేదు.

స్ప్రింగుకు సరిగ్గా ఆ రెండు సంగతులే తెలుసు. తుపాకి తన మామూలు చోటు నుంచి ఎంత పక్కకు జరిగింది అన్నది ఒక అంకె, ఇప్పుడు ఎంత వేగంతో కదులుతోంది అన్నది రెండో అంకె. ఊయలలో పిల్లను ఊపేవారు ప్రతిసారీ ఊయలను ఆపి, మధ్యకు తెచ్చి, మళ్లీ తోయరు. అది ఎక్కడ ఉంటే అక్కడే, ఎలా కదులుతుంటే ఆ కదలిక మీదే ఇంకాస్త తోస్తారు. స్ప్రింగు పద్ధతిలో తూటా పేలడమంటే అదే. తుపాకి ఉన్న చోటును ముట్టుకోకుండా, దాని వేగానికి కొంత వేగం కలుపుతారు. మిగతా పని స్ప్రింగుదే. చోటు ఎప్పుడూ ఒక్కసారిగా మారదు కాబట్టి గతుకు పడే అవకాశమే లేదు.

రెండు అంకెలతో ఒక తన్ను

ఈ మార్పు ఎలా వచ్చిందో మూడు ఆటల కోడ్ చూస్తే తెలుస్తుంది. 1996లో వచ్చిన క్వేక్ ఆట సోర్స్ కోడ్‌ను దాని నిర్మాతలు 1999లో బయటపెట్టారు. అందులో మామూలు షాట్‌గన్ పేలిన వెంటనే ఆటగాడి చూపు కోణాన్ని 2 డిగ్రీలు పైకి పెడతారు. తర్వాత అది సెకనుకు 10 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. అంటే 0.2 సెకన్లలో, ఒకే వేగంతో, రూళ్లకర్రతో గీసిన గీతలా సున్నాకు వచ్చి టక్కున ఆగిపోతుంది. 1998 నాటి హాఫ్-లైఫ్‌లో చిన్న సవరణ చేశారు. కోణం ఎక్కువగా ఉన్నప్పుడు కాస్త వేగంగా తగ్గేలా మార్చారు. 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2 ఈ చోట నేరుగా స్ప్రింగును పెట్టింది. వాల్వ్ సంస్థ బయటపెట్టిన సోర్స్ ఎస్‌డీకే 2013 కోడ్‌లో ఆ స్ప్రింగు స్వభావమంతా రెండు పంక్తుల్లో ఉంటుంది.

```
#define PUNCH_DAMPING          9.0f
#define PUNCH_SPRING_CONSTANT  65.0f
```

వీటి అర్థం ఇది. చూపు కోణం మామూలు చోటు నుంచి ఒక డిగ్రీ జరిగితే, దాన్ని వెనక్కి లాగే త్వరణం సెకను వర్గానికి 65 డిగ్రీలు. కోణం సెకనుకు ఒక డిగ్రీ వేగంతో కదులుతుంటే, ఆ వేగాన్ని అడ్డుకునే త్వరణం సెకను వర్గానికి 9 డిగ్రీలు. మొదటిది స్ప్రింగు బిగువు, రెండోది డ్యాంపింగ్. స్కూటర్ షాక్ అబ్సార్బర్‌లో చుట్ట స్ప్రింగు చేసే పనిని మొదటి అంకె, దాని లోపలి నూనె చేసే పనిని రెండో అంకె చేస్తాయి. తూటా పేలినప్పుడు తుపాకికి నిర్ణయించిన అంకెను 20తో హెచ్చించి వేగానికి కలుపుతారు. తుపాకి అంకె 2 అయితే చూపుకు సెకనుకు 40 డిగ్రీల వేగం అందుతుంది.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారు కాగితం మీదే మిగతాది తేల్చవచ్చు. డ్యాంపింగ్ లేకపోతే ఈ స్ప్రింగు ఊగే కోణీయ వేగం 65కి వర్గమూలం, అంటే సెకనుకు 8.06 రేడియన్లు. డ్యాంపింగ్ నిష్పత్తి 9ని 8.06కి రెట్టింపుతో భాగిస్తే వచ్చే 0.56. ఈ నిష్పత్తి సున్నా అయితే స్ప్రింగు ఎన్నటికీ ఆగకుండా ఊగుతుంది. ఒకటి అయితే, మంచి డోర్ క్లోజర్ బిగించిన తలుపులా, అవతలి వైపుకు దాటకుండా నేరుగా వచ్చి మూసుకుంటుంది. 0.56 ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అది ఒకసారి కొద్దిగా దాటి వెళ్లి, ఆ తర్వాత కుదురుకునే రకం.

సెకనుకు 40 డిగ్రీల వేగంతో మొదలైన చూపు 0.15 సెకన్లకు తన గరిష్ఠ ఎత్తును, అంటే సుమారు 2.6 డిగ్రీలను చేరుతుంది. 0.47 సెకన్ల దగ్గర మామూలు చోటును దాటి కిందికి దిగుతుంది. అటువైపు 0.31 డిగ్రీల దాకా పోయి వెనక్కి వస్తుంది. పైకి వెళ్లిన దానిలో ఇది ఎనిమిదో వంతు. ఆటగాడు దీన్ని విడిగా గమనించడు. కానీ బరువున్న వస్తువును ఒక మనిషి పట్టుకుని, అది ఎగిరితే వెనక్కి లాగి, కాస్త ఎక్కువ లాగి సరిచేసుకున్నాడన్న భావన ఆ 0.31 డిగ్రీల వల్లే కలుగుతుంది. క్వేక్‌లోని రూళ్లకర్ర గీతలో అది లేదు.

అసలు తేడా వరుసగా కాల్చినప్పుడు బయటపడుతుంది. క్వేక్ షాట్‌గన్ ప్రతి తూటాకూ కోణాన్ని మళ్లీ 2 డిగ్రీలకే పెడుతుంది. పాతదాని మీద కొత్తది చేరదు. అదే స్ప్రింగుకు సెకనుకు 10 సార్లు 40 డిగ్రీల వేగం కలుపుతూ పోతే ఏమవుతుంది? సగటున సెకనుకు 400 చొప్పున అది పైకి నెట్టుకుపోతుంది. స్ప్రింగు లాగుడు ఆ నెట్టుడుకు సమానమయ్యే చోట, అంటే 400ను 65తో భాగిస్తే వచ్చే సుమారు 6.2 డిగ్రీల దగ్గర, చూపు నిలబడుతుంది. అక్కడికి నేరుగా కూడా చేరదు. మొదటి అర సెకనులో సుమారు 7 డిగ్రీల దాకా ఎగబాకి, ఆ తర్వాత కొంచెం దిగి, అక్కడే ప్రతి తూటాకూ సన్నగా అదురుతూ ఉంటుంది. మీట వదిలితే మెల్లగా కిందికి వస్తుంది. మెషిన్‌గన్ మొదటి తూటాల్లో ఎగిరిపడి, తర్వాత చేతికి లొంగినట్టు అనిపించే ఈ ప్రవర్తనను ఎవరూ గీయలేదు. రెండు అంకెల నుంచి అది దానంతటదే వచ్చింది. మూడు తూటాలు కాల్చి ఆగినా, ముప్పై కాల్చినా, నడుమ తడబడి మళ్లీ నొక్కినా ప్రతి సందర్భానికీ సరిపోయే కదలిక అందులోనే ఉంది. స్ప్రింగు పక్షాన ఇంతకంటే బలమైన వాదన అవసరం లేదు.

అదే స్ప్రింగు, వేరువేరు తెరలు

ఇక రెండో సగం. హాఫ్-లైఫ్ 2 స్ప్రింగు ఇన్నేళ్లు ఇబ్బంది పెట్టకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అది మెత్తని స్ప్రింగు. పూర్తిగా ఒకసారి ఊగడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. రెండు, ఆ ఆటలో ఆటగాడి కదలికల లెక్క తెర వేగంతో సంబంధం లేకుండా 0.015 సెకన్ల స్థిరమైన అడుగులతో నడుస్తుంది. ఈ రెండు షరతులనూ మర్చిపోయి స్ప్రింగును మాత్రమే తెచ్చుకున్నప్పుడు, ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ల్యాప్‌టాప్ సంఘటన జరుగుతుంది.

చేతిలోని తుపాకి బొమ్మకు చూపు కంటే గట్టి స్ప్రింగు కావాలి. ఉదాహరణకు బిగువు 1600, డ్యాంపింగ్ 25 అనుకుందాం. ఇది సెకనుకు దాదాపు ఆరుసార్లు ఊగుతుంది. నిజానికి దీని ఊపు 0.1 సెకనులో మొదటి దానిలో 29 శాతానికి తగ్గాలి. ప్రోగ్రామర్ దీన్ని అన్నిటికంటే సులువైన పద్ధతిలో రాశారు. ఈ ఫ్రేములోని వేగంతో కొత్త చోటును, ఈ ఫ్రేములోని చోటుతో కొత్త వేగాన్ని కనుక్కుని, ఫ్రేముల మధ్య కాలంతో హెచ్చించి కలుపుతూ పోయారు. పాఠ్యపుస్తకాల్లో ఆయిలర్ పద్ధతి అన్న పేరుతో ఉండేది ఇదే.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. వృత్తం మీద నడవాల్సిన మనిషి ప్రతి అడుగునూ స్పర్శరేఖ వెంట వేస్తే, ఒక్కో అడుగుకూ వృత్తానికి కాస్త బయటే తేలుతాడు. అడుగు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ బయటికి పోతాడు. ఊగే స్ప్రింగు చోటును, వేగాన్ని రెండు అక్షాల మీద గీస్తే డ్యాంపింగ్ లేనప్పుడు వచ్చేది అలాంటి చుట్టుదారే. ఆయిలర్ పద్ధతి ప్రతి ఫ్రేములోనూ స్ప్రింగుకు కొంత లేని శక్తిని అరువిస్తుంది. డ్యాంపింగ్ కొంత శక్తిని తీసేస్తుంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువన్నది ఫ్రేము నిడివిని బట్టి ఉంటుంది. హద్దు తేలికగానే తేలుతుంది. డ్యాంపింగ్‌ను బిగువుతో భాగించాలి. 25ను 1600తో భాగిస్తే సెకనులో 64వ వంతు. ఫ్రేము నిడివి అంతకంటే ఎక్కువైతే ఊపు తగ్గకపోగా పెరుగుతుంది.

సెకనుకు 144 ఫ్రేముల యంత్రం ఈ హద్దుకు చాలా ఇవతల ఉంది. అక్కడ తుపాకి బాగానే కుదురుకుంటుంది. అయినా 0.1 సెకను తర్వాత 29 శాతం మిగలాల్సిన చోట 48 శాతం మిగులుతుంది. స్టూడియోలో అంకెలు సరిచూసే వ్యక్తి ఆ తెర ముందే కూర్చుంటే, ఆ తప్పు ఊపునే తనకు నచ్చేలా సర్దుకుంటారు. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర హద్దు దాటిపోయింది. ఊపు ఆగదు, ఒక సెకనులో రెండింతలకు పైగా పెరుగుతుంది. 30 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 1.39 రెట్లు చొప్పున పెరిగి, పది ఫ్రేముల్లో, అంటే సెకనులో మూడో వంతులో, దాదాపు 28 రెట్లు అవుతుంది. తుపాకి తెర దాటిపోవడం అంటే ఇదే.

ఇంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. సాధారణంగా చేసే సవరణ చిన్నదే. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతోనే చోటును మారుస్తారు. రెండు పంక్తుల వరుస మార్చితే చాలు, తుపాకి 30 ఫ్రేముల దగ్గర కూడా ఎగిరిపోదు. చాలామంది ఇక్కడితో పని అయిందనుకుంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇప్పుడు తప్పు కంటికి కనిపించదు. 0.1 సెకను తర్వాత మిగిలే ఊపు 144 ఫ్రేముల యంత్రంలో 25 శాతం, 60 ఫ్రేముల్లో 20 శాతం, 30 ఫ్రేముల్లో 7 శాతం. పైగా 30 ఫ్రేముల దగ్గర అది ఊగే వేగం అసలు వేగానికి దాదాపు రెట్టింపవుతుంది. నెమ్మది యంత్రంలో తుపాకి వేరే రకంగా వణికి, తొందరగా కుదురుకుంటుంది. ఆ తన్నే తూటా ఎటు పోవాలో కూడా నిర్ణయిస్తే, ఒకే ఆటలో ఇద్దరికి రెండు రకాల తుపాకులు ఇచ్చినట్టే. పోటీలో సెకనులో పదో వంతుకు విలువ ఉంటుంది. తెర వేగాన్ని కావాలని తగ్గించుకుంటే గురి నిలకడగా ఉంటుందని ఎవరో ఒకరు కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

మందు దగ్గరే ఉంది

దీనికి రెండు సరైన పరిష్కారాలున్నాయి. మొదటిది స్థిరమైన అడుగు. తెర ఏ వేగంతో నడిచినా, స్ప్రింగు లెక్కను మాత్రం ఎప్పుడూ ఒకే చిన్న అడుగుతో నడపాలి. గడిచిన కాలాన్ని జమ చేసుకుంటూ, అందులో ఎన్ని అడుగులు పడితే అన్ని వేసి, మిగిలిన కాస్త కాలానికి రెండు స్థితుల మధ్య అంచనా కట్టి తెర మీద చూపాలి. గ్లెన్ ఫీడ్లర్ 2004లో దీన్ని ఆటల ప్రోగ్రామర్ల కోసం వివరంగా రాశారు. ఇప్పటికీ కొత్తవారికి మొదట చూపించే పాఠాల్లో అది ఒకటి.

రెండోది ఇంకా సూటిగా ఉంటుంది. డ్యాంపింగ్ ఉన్న స్ప్రింగు సమీకరణానికి కచ్చితమైన జవాబు ఎప్పటి నుంచో తెలుసు. ఘాతీయంగా తగ్గే ఒక పదాన్ని సైను, కొసైనులతో హెచ్చిస్తే అది వస్తుంది. అలాంటప్పుడు ఫ్రేము ఫ్రేముకూ అంచనా వేయడం ఎందుకు? ఈ ఫ్రేములో ఉన్న చోటు, వేగం తీసుకుని తర్వాతి ఫ్రేము నాటికి అవి ఎంతవుతాయో నేరుగా రాసేయవచ్చు.

```
a = c / 2
w = sqrt(k - a*a)
e = exp(-a*dt)
x1 = e*(x*cos(w*dt) + (v + a*x)/w * sin(w*dt))
v1 = e*(v*cos(w*dt) - (a*v + k*x)/w * sin(w*dt))
```

ఇక్కడ `k` బిగువు, `c` డ్యాంపింగ్, `x` చోటు, `v` వేగం, `dt` ఫ్రేము నిడివి. ఫ్రేము ఎంత పొడవైనా, ఒకదానికొకటి ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా జవాబు ఒకే వక్రరేఖ మీద పడుతుంది. ఎప్పటికీ ఎగిరిపోదు. ఒక్క జాగ్రత్త చాలు. డ్యాంపింగ్ నిష్పత్తి ఒకటికి చేరితే `w` సున్నా అయి భాగహారం చెడిపోతుంది. ఆ స్థితికి, దాన్ని దాటిన స్థితికి వేరే సూత్రాలు రాసుకోవాలి.

రెండిట్లో దేన్ని ఎంచుకోవాలన్నది ఆ తన్ను ఏం చేస్తుందన్న దాని మీద ఆధారపడాలి. తూటా దిశను మార్చే తన్ను అయితే స్థిరమైన అడుగే కావాలి. సర్వర్‌లోనూ ఆటగాడి యంత్రంలోనూ ఒకే జవాబు రావాలంటే అదే నమ్మకమైన దారి. కంటికి మాత్రమే కనిపించే తన్ను అయితే కచ్చితమైన జవాబు చాలు. తుపాకి బొమ్మ ఎంత ఊగినా తూటా ఊగదు.

కచ్చితమైన సూత్రానికీ ఒక పరిమితి ఉంది. పైన చెప్పిన గట్టి స్ప్రింగు తన గరిష్ఠ ఎత్తును 0.033 సెకన్లలో చేరుతుంది. 30 ఫ్రేముల తెరలో ఒక ఫ్రేము నిడివి సరిగ్గా అంతే. అంటే తుపాకి లేచే దారంతా ఆ తెర మీద కనిపించదు. ఒక ఫ్రేములో కింద, మరుసటి ఫ్రేములో పైన ఉంటుంది. లెక్క ఎంత సరైనదైనా తెర గీయని దాన్ని కన్ను చూడలేదు. తక్కువ వేగం తెరల కోసం తయారుచేసే ఆటల్లో స్ప్రింగును కాస్త మెత్తగా ఉంచడం తప్ప దీనికి మందు లేదు.

సరిచూసే పద్ధతి కూడా కష్టమైనది కాదు. ఆటను 30, 60, 144 ఫ్రేముల దగ్గర విడివిడిగా నడిపి, మూడింట్లో ఒకే తూటా పేల్చి, కోణాన్ని కాలంతో గ్రాఫు గీయాలి. మూడు వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి పడితే స్ప్రింగు సరైనదే. పడకపోతే అంకెలు మార్చి ప్రయోజనం లేదు, పద్ధతి మార్చాలి.

కెమెరా కుదిపేటప్పుడు

పేలుడుకు కెమెరా కుదుపును కూడా ఇదే స్ప్రింగుతో చేయాలని చూసేవారున్నారు. అది సగమే పనిచేస్తుంది. పక్కన గ్రెనేడ్ పేలితే మొదట వచ్చే దెబ్బకు స్ప్రింగు చక్కగా సరిపోతుంది. ఆ తర్వాత కొంతసేపు ఉండే అదురుకు సరిపోదు. స్ప్రింగు ఒకే పౌనఃపున్యంతో ఊగుతుంది కాబట్టి, గంట కొట్టినట్టు క్రమబద్ధంగా వినిపించే శబ్దంలాంటిదే కంటికీ కనిపిస్తుంది. నేల అదిరినప్పుడు ఉండే గజిబిజి అందులో ఉండదు.

ఆ గజిబిజి కోసం స్క్విరెల్ ఐజర్లో 2016 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చెప్పిన పద్ధతి నేటికీ ఆచరణయోగ్యమే. దెబ్బ తగిలినకొద్దీ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె పెరుగుతుంది, కాలంతోపాటు తగ్గుతుంది. కుదుపు తీవ్రత ఆ అంకె వర్గం లేదా ఘనం. అందువల్ల చిన్న దెబ్బలు లీలగానూ, పెద్ద దెబ్బలు భీకరంగానూ తగులుతాయి. దిశను నిర్ణయించేది కెన్ పెర్లిన్ పేరున్న నున్నని యాదృచ్ఛిక రేఖ. ఆయన పద్ధతిలో ఇంకో మంచి సలహా ఉంది. మూడు కొలతల ఆటలో కెమెరాను పక్కకు జరపకుండా తిప్పాలి. జరిపితే అది గోడలోకి దూరిపోయే ప్రమాదం ఉంటుంది. దెబ్బకు స్ప్రింగు, అదురుకు యాదృచ్ఛిక రేఖ, రెండూ కలిపితేనే పేలుడు పేలుడులా ఉంటుంది.

లెక్కతో చేసే కుదుపుకు ఇంకో మేలుంది. కన్ను కదలికను చూస్తుంటే చెవి లోపలి సమతౌల్య అవయవం కదలిక లేదని చెబుతుంది. ఈ పొంతన లేకపోవడం వల్ల కొందరికి తల తిరిగి, కడుపులో తిప్పుతుంది. వారికి కుదుపు వినోదం కాదు, ఆట మానేయడానికి కారణం. ముందే గీసిన యానిమేషన్‌లో కుదుపు, చేతి కదలిక, తుపాకి కదలిక కలగలిసి ఉంటే ఒకదాన్ని మాత్రమే తీసేయడం కష్టం. లెక్కతో వచ్చే కుదుపు చివరికి ఒక అంకె. దాన్ని సున్నాకూ ఒకటికీ మధ్య ఆటగాడు ఎంచుకున్న మరో అంకెతో హెచ్చిస్తే సరిపోతుంది. అంత సులువైన మీటను సెట్టింగుల్లో ఇవ్వని ఆటకు సాంకేతిక సాకు లేదు. ఒక్క షరతు ఉంది. తూటా దిశను నిర్ణయించే తన్ను ఈ మీటకు లోబడకూడదు. లేకపోతే కుదుపు తగ్గించుకున్నవారికి గురి మెరుగవుతుంది, అదీ అన్యాయమే అవుతుంది.

యానిమేటర్‌కు మిగిలేది

స్ప్రింగులు వస్తే యానిమేటర్ల పని పోతుందన్న భయం ఒకటి వినిపిస్తుంటుంది. స్ప్రింగు ఏం చేయలేదో చూస్తే ఆ భయం ఎంతవరకు నిజమో తెలుస్తుంది. అది దెబ్బకు స్పందిస్తుంది తప్ప ముందుగా సిద్ధం కాదు. తూటాల గది మార్చేటప్పుడు వేళ్లు ఎక్కడ పడాలో, బోల్టు ఎంత వెనక్కి జరగాలో, గాయపడ్డ సైనికుడు ఎలా తడబడుతూ తుపాకి ఎత్తుతాడో దానికి తెలియదు. మొదలూ చివరా ముందే తెలిసిన పనులన్నీ చేతితో గీయడానికే తగినవి. ఆటగాడి వేలి మీద ఆధారపడిన పనులే స్ప్రింగుకు తగినవి.

స్ప్రింగుకు తగిన చోట్ల కూడా యానిమేటర్ కన్ను అవసరమే. డ్యాంపింగ్ నిష్పత్తి 0.3 ఉంటే తుపాకి సన్నని రేకులా కంపిస్తుంది. 0.8 ఉంటే బురదలో దిగబడ్డట్టు ఉంటుంది. చిన్న పిస్తోలుకు ఏది నప్పుతుందో, భుజం మీద మోసే రాకెట్‌కు ఏది నప్పుతుందో సమీకరణం చెప్పదు. ఇప్పుడు చాలా చోట్ల ఆ అంకెలు ప్రోగ్రామర్ రాసిన కోడ్ లోపల దాగి ఉంటున్నాయి. వాటిని బయటికి తీసి, బిగువు, డ్యాంపింగ్ అన్న పేర్లకు బదులు ఒకసారి ఊగడానికి పట్టే కాలం, ఎంత శాతం దాటి వెళ్లాలి అన్న రూపంలో యానిమేటర్ చేతికి ఇవ్వాలి. హాఫ్-లైఫ్ 2 అంకెలు ఆ భాషలో 0.94 సెకన్లు, 12 శాతం అవుతాయి. గీసే చేతికి ఆ రెండూ వెంటనే అర్థమవుతాయి.

లోపల స్ప్రింగు ఉందో లేదో ఆటగాడు అడగడు. తన తుపాకి ఎదుటివారి తుపాకిలాగే తన్నాలని కోరుకోవడం మాత్రం అతని హక్కు. ఐదు పంక్తుల సూత్రం, మూడు తెరల మీద ఒక గ్రాఫు, సెట్టింగుల్లో ఒక మీట ఉంటే ఆ హక్కు దక్కుతుంది.